పాప పనిచేసే చోటు

నేను చదివింది ఊరి బడిలో ఐదో తరగతి దాకా. ఆ చదువుతోనే నూలుమిల్లులో ఫిట్టరుగా చేరాను, ఆ చదువుతోనే యూనియన్‌కి కార్యదర్శినయ్యాను. మిల్లులో ఆడవాళ్ళకు విశ్రాంతి గది కట్టించింది నేను. దూది దుమ్ముకు ఊపిరితిత్తులు పాడైన వాళ్ళకు వైద్యఖర్చు ఇప్పించింది నేను. చేతివేళ్ళు పోయిన వాళ్ళను ఇంటికి పంపకుండా గేటు దగ్గర కుర్చీ వేయించి కూర్చోబెట్టింది కూడా నేనే. మేనేజర్లు నన్ను 'గేటు పెద్దాయన' అనేవాళ్ళు. మొదట వెక్కిరింతగా అన్నారు, తరవాత భయంతో అన్నారు. రిటైరయ్యాక కూడా యూనియన్ ఆఫీసులో నా కుర్చీ నాకుంది. చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. నేను చెప్పుకోకపోతే ఎవరు చెబుతారు?

ఇప్పుడు రాస్తున్నది మాత్రం నా గురించి కాదు, పాప గురించి.

పాప నా తోటి ఫిట్టరు కూతురు. నలభై దాటినా అందరికీ పాపే. ఒక బీమా కంపెనీలో ఆసుపత్రి బిల్లులు పరిశీలించే సెక్షన్‌లో సీనియరు. భర్త, అంటే నాకు అల్లుడి వరసే, కరెంటు లైన్‌మన్. స్తంభం మీద నుంచి పడి మెడ దగ్గర వెన్ను విరిగింది. కాళ్ళూ చేతులూ కదలవు. గొంతుకు రంధ్రం పెట్టి గొట్టం అమర్చారు. అతనికి దగ్గే బలం లేదు. కఫం పేరుకుని గురగురమనగానే సన్నని పైపును ఆ గొట్టంలోకి దించి మిషనుతో లాగాలి. ఆలస్యమైతే ఊపిరి ఆడదు. ఆ పని ఆసుపత్రిలో నర్సు దగ్గర నేర్చుకుని ఇంట్లో పాపే చేస్తుంది. ఏజెన్సీ నుంచి ఒక మనిషిని పెట్టుకుంది. ఆవిడ మొదటిసారి అల్లుడి మొహం నీలంగా మారడం చూసి చెప్పులు కూడా వేసుకోకుండా పారిపోయింది. అలవాటైన నర్సును రోజంతా పెట్టుకోవాలంటే పాప జీతం మొత్తం చాలదు.

అంత కష్టంలోనూ ఆ ఇల్లు నిలబడిందంటే, పాప ఇంటి నుంచే పనిచేయడం వల్ల. అంటురోగం రోజుల్లో ఆఫీసులన్నీ మూతపడ్డాయి. పరిస్థితి చక్కబడ్డాక కంపెనీ నగరంలో తాను అద్దెకున్న రెండు అంతస్తులు ఖాళీ చేసి, ఉద్యోగులకు తలా ఒక ఉత్తరం పంపింది. ఇకపై మీరు శాశ్వతంగా మీ ఇంటి నుంచే పనిచేస్తారు, అందుకు ప్రతిగా రాకపోకల భత్యం వదులుకుంటారు, సమ్మతమైతే సంతకం చేయండి అని. పాప సంతకం చేసింది. నగరంలో అద్దె ఇల్లు ఖాళీ చేసి మా ఊరొచ్చింది. రైల్లో వెళితే నగరానికి పగలు సగం పడుతుంది.

కొన్నాళ్ళకు కంపెనీ చేతులు మారింది. కొత్త యజమానులు అద్దాల మేడ ఒకటి తీసుకున్నారు. మేడ నిండా కుర్చీలు, కుర్చీల్లో మనుషులు లేరు. దాంతో అందరికీ మెయిలు వచ్చింది: వచ్చే నెల మొదటి తారీఖు నుంచి వారమంతా ఆఫీసుకు రావాలి, రానివాళ్ళ మీద క్రమశిక్షణ చర్య ఉంటుంది.

పాప నాకు ఫోన్ చేసింది. నేను వెళ్ళేసరికి అల్లుడి మంచం పక్కన బల్ల మీద కంప్యూటరు తెరిచి ఉంది. తెర మీద ఎవరిదో ఆపరేషన్ బిల్లు.

"పెదనాన్నా, శాశ్వతం అని రాసి ఇచ్చి ఇప్పుడు రమ్మంటే ఎట్లా? రాసిన మాటకు విలువ లేదా?" అంది.

"ఉద్యోగం మానేస్తే?" అని అడిగాను, ఆమె మనసు తెలుసుకుందామని.

"మానేస్తే ఈయన మందులకూ ఆసుపత్రికీ వచ్చే బీమా పోతుంది. అది నా ఉద్యోగంతోనే ఉంది. వెళితే ఈయన పోతాడు. మానేస్తే మెల్లగా పోతాడు. తేడా అంతే."

అల్లుడి పెదవులు కదిలాయి. గొట్టం వల్ల గొంతు పలకదు. ఆ పెదవులు చదవడం పాపకే వచ్చు.

"ఏమంటున్నాడు?"

"'మీరిద్దరూ నన్ను చంపడానికి ముహూర్తం పెడుతున్నారా' అంటున్నాడు" అని పాప నవ్వింది. ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకుంది.

పక్కింట్లో ఉండే ఆసుపత్రి నర్సును అల్లుడి దగ్గర కూర్చోబెట్టి, పాపను మా యూనియన్‌కు కేసులు చూసే ప్లీడరమ్మ దగ్గరకు తీసుకెళ్ళాను. పాప సెక్షన్‌లో మిగతావాళ్ళు కూడా ఉత్తరాలు నమ్మి ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయినవాళ్ళే. వాళ్ళ తరఫున గుబురుగడ్డం ఉన్న ఒకతను వచ్చాడు. పాప అతన్ని 'గడ్డం తమ్ముడూ' అని పిలిచేది.

ప్లీడరమ్మ కాగితాలన్నీ చదివి, కళ్ళద్దాలు నుదుటి మీదకు తోసుకుంది.

"మీ నియామక పత్రంలో, కంపెనీ ఏ ఆఫీసుకైనా పంపవచ్చు అని ఉంది. వాళ్ళు దాన్నే పట్టుకుంటారు. కానీ తరవాత వచ్చిన ఈ ఉత్తరం అందరికీ గుంపుగా పంపిన ప్రకటన కాదు. ఒక్కొక్కరి పేరునా వచ్చింది, మీరు సంతకం పెట్టారు, బదులుగా భత్యం వదులుకున్నారు. అంటే రెండు పక్షాలూ కలిసి షరతు మార్చుకున్నట్టే. దాన్ని ఒక పక్షం ఒంటిచేత్తో తీసేయడానికి వీల్లేదని గట్టిగా వాదించవచ్చు."

"అయితే గెలిచినట్టేగా మేడమ్!" అన్నాడు గడ్డం తమ్ముడు.

"వాదించవచ్చన్నాను, గెలిచినట్టే అనలేదు నాయనా. శాశ్వతం అంటే యుగాంతం దాకా అని ఏ న్యాయమూర్తీ అనడు. తగిన గడువిచ్చి, మాట్లాడి, మారుస్తామంటే వినవచ్చు. ఇంకొకటి. రామని మొండికేయకండి. ఆజ్ఞ ధిక్కరించారని అదే నేరం చేస్తారు. మా హక్కు వదులుకోకుండా, మా అభ్యంతరం నిలుపుకుంటూ అని రాసి ఇవ్వండి. నేను కార్మికాధికారి దగ్గర వివాదం వేస్తాను."

"మా ఆయన పరిస్థితి చెబితే వినరా?" అంది పాప.

"జాలిపడవచ్చు. చట్టం మటుకు ఉద్యోగి అంగవైకల్యాన్ని చూసినంతగా ఉద్యోగి భర్తది చూడదమ్మా. ఉత్తరమే మనకు దిక్కు." ఆమె కలం చేతిలోకి తీసుకుని అడిగింది. "ఆ ఉత్తరం తరవాత ఇంకేదైనా కాగితం మీద సంతకం పెట్టారా? కంప్యూటర్లో ఏదైనా నొక్కారా?"

గడ్డం తమ్ముడు పాప వైపు చూశాడు. పాప నేల చూసింది.

విషయం ఇదీ. కంపెనీ చేతులు మారాక ఉద్యోగుల పోర్టల్‌లో కొత్త నిబంధనల పత్రం ఒకటి పెట్టారు. అందులో ఎక్కడో లోపల, ఇంటి నుంచి పని అనేది కంపెనీ ఎప్పుడైనా ఉపసంహరించుకోదగిన వెసులుబాటు అని ఒక వాక్యం ఉంది. అడుగున 'చదివాను, అంగీకరిస్తున్నాను' అని గడి. అది నొక్కితే తప్ప లోపలి పని తెరుచుకోదు. అది నెలాఖరు రోజు. బిల్లులు పూర్తికాకపోతే ఎక్కడో ఆసుపత్రుల్లో రోగులు డిశ్చార్జి కాకుండా ఆగిపోతారు. సెక్షన్‌లో ఒకామె ప్రసవానికి ఆసుపత్రిలో చేరింది. ఇంకొకాయనకు ఊళ్ళో నెట్‌వర్క్ లేదు. గడ్డం తమ్ముడు బిడ్డకు జ్వరమని పరుగెత్తాడు. ఒకే గదిలో పనిచేసేవాళ్ళయితే పక్క కుర్చీ వాళ్ళను పిలిచి నొక్కమంటారు. వీళ్ళు తలా ఒక ఊళ్ళో ఉన్నారు. అందుకే ఒకరి పని ఒకరు అందుకోవడానికి పాస్‌వర్డులన్నీ పాప దగ్గర ఉంచారు. 'మాది కూడా నువ్వే నొక్కెయ్ అక్కా' అన్నారు. పాప అందరి పేర్ల మీదా వరసగా లోపలికి వెళ్ళి, అందరి గడీ నొక్కేసింది. ఒక చేత్తో అల్లుడి గొంతులో పైపు పట్టుకుని, రెండో చేత్తో నొక్కానని తరవాత నాతో చెప్పింది.

ప్లీడరమ్మ కళ్ళద్దాలు దించుకుని ఆ ఉత్తరం మళ్ళీ చదివింది.

"పని తెరుచుకోవాలంటే నొక్కక తప్పని గడి సమ్మతి అవుతుందా అన్నది మనం వాదించవచ్చు. మిగతావాళ్ళు అసలు నొక్కనే లేదు, కాబట్టి వాళ్ళకు అది వర్తించనే వర్తించదు. కానీ ఆ మాట బయటపెడితే, మరెవరు నొక్కారని అడుగుతారు. పాస్‌వర్డు పంచుకోవడం మీ కంపెనీలో పెద్ద తప్పు. ఇచ్చినవాళ్ళకు ఏదో మందలింపు. వాడిన మనిషికి ఉద్యోగమే పోవచ్చు."

"మేం చెప్పం. అక్క మెడకు ఉరి వేసి మేం ఇంట్లో కూర్చుంటామా?" అన్నాడు గడ్డం తమ్ముడు.

దారిలో నేను పాపకు ధైర్యం చెప్పాను. మిల్లు లాకౌటు రోజుల్లో నేనెట్లా నిలబడ్డానో, యజమానిని నా ఎదురుగా కుర్చీలో ఎట్లా కూర్చోబెట్టానో చెప్పాను. ఆమె ఊ కొడుతూ బస్సు కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆమె చెవులు ఇంటి దగ్గరే ఉన్నాయి.

చర్చల రోజు పక్కింటి నర్సు సెలవు పెట్టి అల్లుడి దగ్గర కూర్చుంది. కార్మికాధికారి ఆఫీసు మేడ మీద ఇరుకు గది. ఫ్యాను తిరుగుతుంటే కాగితాలు ఎగరకుండా వాటి మీద స్టేప్లర్లు పెట్టారు. కంపెనీ తరఫున ఒక లాయరు, సిబ్బంది వ్యవహారాలు చూసే మేనేజరు వచ్చారు. మేనేజరు కుర్రాడే. మర్యాదస్తుడే. ప్రతి మాటకూ ముందు 'మీ బాధ మాకు అర్థమైంది' అంటాడు.

లాయరు మొదలుపెట్టాడు. "ముందుగా ఈమె సెక్షన్‌కు సీనియరు. కార్మికురాలి కిందకే రాదు."

"హోదా పేరు చూసి నేను తేల్చను. ఈమె చేసే పని బిల్లులు చూడటమా, మనుషుల్ని తీసేయడమా? బిల్లులే కదా. ముందుకెళ్ళండి" అన్నాడు అధికారి.

"సరే. అందరూ కొత్త నిబంధనలు అంగీకరించారు. ఇవిగో పేర్లు, ఇవిగో నొక్కిన సమయాలు."

ప్లీడరమ్మ అడ్డుతగిలింది. "అది షరతులు మార్చుకున్న ఒప్పందం కాదండీ. నొక్కకపోతే పనే తెరుచుకోదు. దానికి బదులుగా భత్యం తిరిగివ్వలేదు, విడిగా నోటీసూ ఇవ్వలేదు."

అధికారి తల ఊపాడు. "నేను తీర్పు చెప్పేవాణ్ణి కాదమ్మా. రాజీ కుదిర్చేవాణ్ణి. కుదరకపోతే కుదరలేదని రాస్తాను, ట్రిబ్యునల్ తేలుస్తుంది. దానికి ఏళ్ళు పట్టవచ్చు. ఒకటి మాత్రం కంపెనీ వారు గుర్తుపెట్టుకోండి. నా దగ్గర ఈ వివాదం నడుస్తున్నంత కాలం ఇప్పుడున్న పద్ధతి వాళ్ళకు నష్టం కలిగేలా మార్చకూడదు. వివాదానికి సంబంధించిన తప్పు మోపి ఎవరినైనా తీసేయాలన్నా ముందు అనుమతి అడగాలి. కాసేపు బయట మాట్లాడుకుని రండి."

వరండాలో మేనేజరు పాపను పక్కకు పిలిచాడు. నేనూ వెళ్ళాను. నన్నెవరూ పిలవలేదు. పిలవకపోయినా వెళ్ళడం నాకు అలవాటు.

"మేడమ్, మీ బాధ మాకు అర్థమైంది. మీకొక్కరికి ప్రత్యేకంగా ఒక ఏడాది ఇంటి నుంచి పని ఇస్తాం. తరవాత మళ్ళీ చూద్దాం. మీరు వివాదం నుంచి తప్పుకోవాలి. అలాగే సెక్షన్ సీనియరుగా ఒక చిన్న స్టేట్‌మెంట్ కావాలి. మీ సెక్షన్‌లో ప్రతి ఒక్కరూ ఎవరికి వారే చదివి అంగీకరించారని. అంతే."

"ఎవరికి వారే అనా?"

"అవునండీ. మాకు రికార్డుకు కావాలి."

అప్పుడర్థమైంది నాకు, వాళ్ళకూ అనుమానం ఉందని. ఒకే ఇంటి నుంచి వరసగా నొక్కితే వాళ్ళ కంప్యూటరుకు తెలియదా?

మేనేజరు వెళ్ళాక నేను పాప చేయి పట్టుకున్నాను. "రాసెయ్ తల్లీ" అన్నాను. నేనే అన్నాను, ఎన్నో సమ్మెలు నడిపినవాణ్ణి. "ఏడాది అంటే తక్కువ కాదు. మిగతావాళ్ళ కాళ్ళూ చేతులూ బాగున్నాయి. వెళ్ళగలరు."

పాప ఫోన్ తీసి ఇంటికి వీడియో కాల్ చేసింది. నర్సు ఫోన్‌ని అల్లుడి మొహం దగ్గర పెట్టింది. పాప విషయమంతా చెప్పింది. అతని పెదవులు కదిలాయి.

"ఏమంటున్నాడు?" అన్నాను.

"'ఆ ప్రసవమైన పిల్ల చంటిదాన్ని ఎక్కడ పెట్టి వస్తుంది' అని అడుగుతున్నాడు."

"ఇంకేమీ అనలేదా?"

"'నువ్వు రాస్తే నేనేం చదవలేనులే, కళ్ళు మూసుకుంటా' అన్నాడు." ఆమె ఫోన్ ఆపేసింది. "ఈ మనిషికి ఎగతాళి చేయడానికి ఇదేనా సమయం పెదనాన్నా!"

వరండా చివర గడ్డం తమ్ముడు గోడకు ఆనుకుని ఇటే చూస్తున్నాడు. దగ్గరికి రాలేదు. ఏమిచ్చారని అడగలేదు.

లోపలికి వెళ్ళాక పాప కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

"సార్, వీళ్ళెవరూ ఆ గడి నొక్కలేదు. చదవలేదు. అందరివీ నేనే నొక్కాను. నా దగ్గర వాళ్ళ పాస్‌వర్డులున్నాయి. పని ఆగకూడదని నొక్కాను. నాది మాత్రం నేనే నొక్కాను, దానికి నాకు సాకు లేదు."

ప్లీడరమ్మ కళ్ళు మూసుకుంది. కంపెనీ లాయరు కలం క్యాప్ తీశాడు. అధికారి ఒక్కసారి పాప మొహంలోకి చూసి, "రాసుకోమంటావా అమ్మా? రాశాక తీసేయను" అన్నాడు.

"రాయండి సార్."

వారం తిరగకుండా పాపకు సస్పెన్షన్ ఉత్తర్వు వచ్చింది. విచారణ ముగిసేవరకు విధులకు దూరంగా ఉండాలి, తన నివాసంలో అందుబాటులో ఉండాలి, సగం జీతం భత్యంగా ఇస్తారు. అది చదివి పాప నా వైపు చూసింది.

"ఇంట్లో ఉండమని రాశారు పెదనాన్నా. ఇన్నాళ్ళూ నేనడిగిందీ అదే."

సస్పెన్షన్‌లో ఉన్నవాళ్ళూ ఉద్యోగులే కాబట్టి బీమా నడుస్తుందని ప్లీడరమ్మ చెప్పింది. అయితే విచారణను పొడిగించుకుందామని నేనన్నాను. మిల్లు విచారణల్లో సాక్షులను అడ్డదిడ్డంగా ప్రశ్నించి సంవత్సరాలు లాగినవాణ్ణి. ప్లీడరమ్మ వద్దంది. ఆలస్యం మనవల్ల జరిగితే ఆ సగం భత్యం కూడా ఆపుతారట. ఆలస్యం చేస్తే వాళ్ళే చేయాలి. వాళ్ళు చేయలేదు.

మిగతావాళ్ళ మీద కంపెనీ ఇక ఆ గడిని చూపలేకపోయింది. తరవాతి వాయిదాల్లో రాజీ కుదిరింది. ఇంటి నుంచే పని, ఎప్పుడైనా మార్చాలంటే ఆరు నెలల ముందు నోటీసు, పిలిస్తే ఆఫీసుకు వెళ్ళిన రోజులకు రాకపోకల భత్యం. పాస్‌వర్డు ఇచ్చినందుకు తలా ఒక మందలింపు. ఆ రాజీ పత్రంలో పాప పేరు లేదు. ఆమె విషయం వేరుగా ఉంచాలని కంపెనీ గట్టిగా పట్టుబట్టింది. శాశ్వతమని రాసినదాన్ని వెనక్కి తీసుకోవచ్చా లేదా అన్న ప్రశ్న ఏ ట్రిబ్యునల్‌కూ వెళ్ళకుండానే ఆగిపోయింది. గడ్డం తమ్ముడు సంతకం చేసి బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

విచారణ నగరంలో పెట్టారు. ఆఫీసుకు రాలేనని పోరాడిన మనిషిని వాయిదాకొకసారి ఆ అద్దాల మేడకే రమ్మన్నారు. రాకపోతే ఆమె లేకుండానే విచారణ జరిపేస్తారు. ఆమె పక్కన ప్రతినిధిగా కూర్చోవాల్సింది నేను. అది నా హక్కు అనుకున్నాను. అట్లాంటి బల్లల దగ్గర కూర్చునే నేను పేరు తెచ్చుకున్నాను. చొక్కా ఇస్త్రీ చేయించుకుని పాప ఇంటికి వెళ్ళాను.

"పెదనాన్నా, నాతో గడ్డం తమ్ముడు వస్తానన్నాడు. మీరిక్కడ ఉండాలి" అంది పాప.

"ఇక్కడా? ఇక్కడ నాకేం పని?"

"నర్సుకు ఇక సెలవు దొరకదు. ఈయన దగ్గర ఎవరుంటారు? మిషన్లు తెలిసిన చేతులు మీవి."

నాకు కోపం వచ్చింది. దాచను. ఇన్నేళ్ళ అనుభవాన్ని మంచం పక్కన కూర్చోబెడుతుందా అనిపించింది. అల్లుడి పెదవులు కదిలాయి. పాప చెప్పలేదు. నేనే అడిగాను.

"'పెద్దాయన నన్నూ సమ్మెలోకి దించుతాడేమో' అంటున్నాడు."

చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకున్నాను. పాప చూపించింది. దించేటప్పుడు లాగకూడదు. బయటికి తీసేటప్పుడే, మెల్లగా తిప్పుతూ లాగాలి. ఎక్కువసేపు ఉంచకూడదు. మధ్యలో అతన్ని ఊపిరి పీల్చుకోనివ్వాలి. మొదటిసారి పైపును సగంలోనే వెనక్కి తీసేశాను. వెంట్రుకవాసి తేడా లేకుండా కదుళ్ళు బిగించిన చేయి నాది. రెండో రోజుకు సరిగ్గా దించగలిగాను.

పాప వాయిదాలకు వెళ్ళిన రోజుల్లో నేనా ఇంట్లో ఉన్నాను. చివరి వాయిదా నుంచి తిరిగొచ్చి గుమ్మంలోనే చెప్పింది.

"నేరం రుజువైందన్నారు. ఒప్పుకున్నదాన్ని రుజువు చేయడానికి ఇంతసేపెందుకో!"

"తీసేస్తారా?"

"సస్పెన్షన్ ఇచ్చేనాటికి నా పేరు వివాదంలోనే ఉంది కాబట్టి అధికారి అనుమతి అడగాలట. అడిగారు. ఆయన ఇవ్వకపోతే బతికిపోతాం. ఇస్తే, ఇంత చిన్న తప్పుకు అంత శిక్షా అని ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చట. అది తేలేదాకా బీమా ఉండదట."

అనుమతి ఇంకా తేలలేదు. పాప వేరే కంపెనీలకు దరఖాస్తులు పెడుతోంది. ఫోన్‌లో మాట్లాడతారు, పని తెలిసిందని మెచ్చుకుంటారు. ఆఖరున వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకు రాగలరని అడుగుతారు. ఒక కంపెనీ ఆమె, పూర్తిగా ఇంటి నుంచేనని, శాశ్వతమని చెప్పింది. "ఆ మాట ఏ షరతులో రాస్తారు, మారిస్తే ఎంత గడువిస్తారు?" అని పాప అడిగింది. అవతల ఫోన్ పెట్టేశారు.

నిన్న అల్లుడికి కఫం చిక్కబడింది. పాప అప్పుడు ఇంకొక కంపెనీ వాళ్ళతో ఫోన్‌లో ఉంది. నా వైపు చూసింది. మాట్లాడటం ఆపలేదు. నేను లేచి చేతులు కడుక్కున్నాను.